లాగ్ మీద రూట్ ఉంటే డొమైన్ ఎలా కనుక్కోవాలి? పోయిన ఎపిసోడ్‌లో నేను చేసిన తప్పుతో సహా

ఈ రోజు ఎపిసోడ్ ఒక తప్పు ఒప్పుకోవడంతో మొదలుపెడతాను. పోయిన వారం ఫంక్షన్ల డొమైన్ మీద మాట్లాడుతూ చివర్లో ఒక లెక్క చేశాను, గుర్తుందా? టైమ్ అయిపోతోందని గబగబా చేసేసి, జవాబు బోర్డు మీద రాసి, చుట్టూ గడి గీసి వీడియో ముగించాను. ఆ జవాబు తప్పు.

ఇంటర్ ఫస్టియర్ చదువుతున్న ఒక అబ్బాయి మెసేజ్ పెట్టాడు. "అన్నా, మీ జవాబులో x = −1 కూడా ఉంది కదా. నేను −1 పెట్టి చూశాను. లాగ్ లోపల మైనస్ వస్తోంది. నాదేమైనా పొరపాటా?" అని. పొరపాటు అతనిది కాదు, నాదే. ఆ వీడియో చూసి నోట్స్‌లో రాసుకున్నవాళ్ళు ఎంతమంది ఉన్నారో నాకు తెలీదు. అందుకే జవాబు మార్చేసి ఊరుకోకుండా, ఆ తప్పు అసలు ఎక్కడి నుంచి వచ్చిందో ఈ రోజు మొత్తం విప్పి చూద్దాం. ఎందుకంటే అది ఏదో పరధ్యానంలో జరిగిన తప్పు కాదు, నాకున్న ఒక అలవాటు వల్ల వచ్చింది. ఆ అలవాటు మీకు కూడా ఉండే ఉంటుంది.

లెక్క ఇదీ:

f(x) = √( log₁/₂( (5x − x²)/4 ) )

అంటే, లోపల (5x − x²)/4 ఉంది. దానికి బేస్ 1/2తో లాగ్ తీసుకున్నాం. ఆ వచ్చినదానికి వర్గమూలం తీసుకున్నాం. x కి ఏ విలువలు ఇస్తే ఈ ఫంక్షన్‌కి ఒక వాస్తవ సంఖ్య జవాబుగా వస్తుంది? ఆ విలువలన్నీ కలిపితే డొమైన్. తెలుగు మీడియం పుస్తకాల్లో దీన్నే ప్రదేశం అంటారు.

రెండు గేట్లు

నేను కోడ్ రాసే ఉద్యోగంలో ఉన్నప్పుడు అలవాటైన పద్ధతి ఒకటి చెప్తాను. ఏ ఫంక్షన్ చూసినా, లెక్క నిజంగా ఏ వరసలో జరుగుతుందో ముందు చూడాలి. మనం రాసేటప్పుడు రూట్ ముందు రాస్తాం, దాని లోపల లాగ్, ఆ లోపల x. లెక్క జరిగేది మాత్రం తిరగేసి. ముందు x, దాని నుంచి (5x − x²)/4. దీన్ని t అందాం. తర్వాత t కి లాగ్. తర్వాత రూట్. కాబట్టి x దారిలో రెండు గేట్లు ఉన్నాయి. ముందు లాగ్ గేటు, తర్వాత రూట్ గేటు.

లాగ్ గేటు ఏం అడుగుతుంది? బేస్ 1/2తో లాగ్ t అంటే, 1/2 మీద ఏ ఘాతం వేస్తే t వస్తుంది అన్న ప్రశ్న. 1/2 మీద ఏ ఘాతం వేసినా వచ్చేది ఎప్పుడూ ధనాత్మకమే. 1/2, 1/4, 1/8 ఇలా చిన్నదవుతూ పోతుంది గానీ సున్నా అవదు, మైనస్‌లోకి అస్సలు వెళ్ళదు. అందుకే t సున్నా అయినా, మైనస్ అయినా ఆ ప్రశ్నకి జవాబే లేదు. కాబట్టి లాగ్ గేటు షరతు: t > 0. సమానం గుర్తు ఉండదు.

రూట్ గేటు ఏం అడుగుతుంది? లోపల ఉన్నది మైనస్ కాకూడదు, అంతే. సున్నా అయితే దానికేం అభ్యంతరం లేదు, √0 = 0. కాబట్టి రూట్ గేటు షరతు: లాగ్ t ≥ 0. ఇక్కడ సమానం గుర్తు ఉంటుంది.

సున్నా రూట్ గేటు దాటుతుంది, లాగ్ గేటు దాటదు. ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకోండి, చివర్లో బ్రాకెట్లు వేసేటప్పుడు ఇదే పనికొస్తుంది.

x మన డొమైన్‌లో ఉండాలంటే రెండు గేట్లూ దాటాలి. ఒకటి దాటి రెండోదాని దగ్గర ఆగిపోతే లాభం లేదు.

ముందు బేస్ 10తో చేద్దాం

నా తప్పు అర్థం కావాలంటే, ఇదే లెక్కని బేస్ 10తో ఒకసారి చేయాలి. లోపల అదే t, పైన అదే రూట్. బేస్ ఒక్కటే మారుతుంది.

g(x) = √( log₁₀( (5x − x²)/4 ) )

లాగ్ గేటు: (5x − x²)/4 > 0. నాలుగు ధన సంఖ్య కాబట్టి రెండు వైపులా నాలుగుతో గుణించినా గుర్తు మారదు. 5x − x² > 0, అంటే x(5 − x) > 0. రెండు సంఖ్యల లబ్ధం ధనాత్మకం కావాలంటే రెండిటికీ ఒకే గుర్తు ఉండాలి. x, 5 − x రెండూ ప్లస్ కావాలంటే x సున్నాకీ ఐదుకీ మధ్య ఉండాలి. రెండూ మైనస్ కావడం కుదరదు, ఎందుకంటే x సున్నా కన్నా తక్కువ, ఐదు కన్నా ఎక్కువ ఒకేసారి అవలేదు కదా. కాబట్టి 0 < x < 5.

రూట్ గేటు: log₁₀ t ≥ 0. బేస్ 10తో లాగ్ 1 అంటే సున్నా. t ఒకటి కన్నా పెరిగితే లాగ్ సున్నా కన్నా పెరుగుతుంది. కాబట్టి t ≥ 1. అంటే 5x − x² ≥ 4. అన్నీ ఒక పక్కకి తెస్తే x² − 5x + 4 ≤ 0, అంటే (x − 1)(x − 4) ≤ 0. ఈ లబ్ధం మైనస్ కావాలంటే రెండు గుర్తులు వేరు వేరుగా ఉండాలి, అది ఒకటికీ నాలుగుకీ మధ్యే జరుగుతుంది. చివరల్లో లబ్ధం సున్నా, అది కూడా మనకి ఓకే. కాబట్టి 1 ≤ x ≤ 4.

ఇప్పుడు రెండూ కలపాలి. సున్నా నుంచి ఐదు వరకు ఒక గీత, ఒకటి నుంచి నాలుగు వరకు ఇంకో గీత. రెండిట్లోనూ ఉన్న భాగం [1, 4]. డొమైన్ అదే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. లాగ్ గేటు కోసం మనం పడ్డ కష్టం జవాబుని ఏమైనా మార్చిందా? మార్చలేదు. రూట్ గేటు ఒక్కటే చేసి ఉన్నా [1, 4] వచ్చేది. కారణం సింపుల్. రూట్ గేటు t ≥ 1 అడిగింది. t ఒకటి గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే, అది సున్నా కన్నా ఎక్కువేగా! రెండో షరతులోనే మొదటి షరతు ఉచితంగా వచ్చేసింది.

మనం చేసే లెక్కల్లో చాలావాటిలో బేస్ 10 ఉంటుంది, లేదా e ఉంటుంది. రెండూ ఒకటి కన్నా పెద్దవే. రూట్ లోపల నేరుగా లాగ్ ఒక్కటే ఉండి, బేస్ ఒకటి కన్నా పెద్దదైతే, లాగ్ గేటు రాయడం మర్చిపోయినా జవాబు సరిగ్గానే వస్తుంది. ఒకసారి మర్చిపోతాం, మార్కు పడుతుంది. ఇంకోసారి మర్చిపోతాం, మళ్ళీ మార్కు పడుతుంది. అలా అలా "లాగ్ ≥ 0 ఒక్కటి సాల్వ్ చేస్తే చాలు" అనే అలవాటు చేతికి పట్టేస్తుంది. నాకు పట్టిన అలవాటు ఇదే. ఇన్నాళ్ళూ అది నన్ను ఎక్కడా దొరకబుచ్చలేదు.

బేస్ 1/2 వస్తే ఏమవుతుంది

ఇప్పుడు మన అసలు లెక్కకి వద్దాం. లాగ్ గేటు ఏమీ మారలేదు. t > 0, అంటే 0 < x < 5. బేస్ ఏదైనా ఇది ఇంతే.

మారేది రూట్ గేటు. బేస్ 1/2తో లాగ్ ఎలా నడుస్తుందో నాలుగు విలువలు రాసి చూద్దాం:

t = 1/4 అయితే లాగ్ 2
t = 1/2 అయితే లాగ్ 1
t = 1 అయితే లాగ్ 0
t = 2 అయితే లాగ్ −1

పై నుంచి కిందకి చూడండి. t పెరుగుతుంటే లాగ్ తగ్గుతోంది. బేస్ 10కి పూర్తిగా తిరగబడింది. ఒకటి దాటగానే లాగ్ మైనస్‌లోకి దిగిపోతోంది. కాబట్టి log₁/₂ t ≥ 0 కావాలంటే t ≤ 1 ఉండాలి. బేస్ ఒకటి కన్నా చిన్నదైతే, లాగ్ తీసేసేటప్పుడు అసమీకరణం గుర్తు తిరగాలి అని చెప్పేది ఇందుకే. ఈ రూల్ బట్టీ పట్టక్కర్లేదు. సందేహం వస్తే పైన రాసినట్టు రెండు విలువలు రాసుకుంటే చాలు, ఎటు తిరుగుతుందో కనిపిస్తుంది.

గుర్తు తిప్పడం పోయిన వారం నేను మర్చిపోలేదండీ. t ≤ 1 అనే రాశాను. అంటే 5x − x² ≤ 4, అంటే (x − 1)(x − 4) ≥ 0. ఈసారి లబ్ధం ప్లస్ కావాలి కాబట్టి రెండు మూలాలకీ బయట: x ≤ 1 లేదా x ≥ 4. ఇక్కడే ఆపేసి, డొమైన్ (−∞, 1] ∪ [4, ∞) అని గడి గీసేశాను.

తప్పు ఎక్కడో ఇప్పుడు మీకే కనిపిస్తుంది. t ≥ 1 అన్నప్పుడు t > 0 ఉచితంగా వచ్చింది. t ≤ 1 అన్నప్పుడు రాదు. ఒకటి కన్నా తక్కువ అంటే అందులో సున్నా ఉంది, −1.5 ఉంది, −100 ఉంది. వాటిని ఆపే గేటు ఒక్క లాగ్ గేటే, దాన్ని నేను వదిలేశాను. గుర్తు తిప్పడం అనే పెద్ద మెట్టు సరిగ్గా దాటాను కదా అన్న ధీమాతో చిన్న మెట్టు దగ్గర పడ్డాను.

సరైన షరతు ఇలా రాయాలి: 0 < t ≤ 1. ఒకే వరసలో రెండు వైపులా హద్దులు. ఇలా రాస్తే ఎడమ పక్క ఉన్న సున్నాని మర్చిపోవడం కష్టం. నేను ఇప్పటి నుంచి బేస్ చిన్నదైతే ఇలాగే రాస్తాను.

ఇప్పుడు రెండు షరతులూ కలుపుదాం.

మొదటిది: 0 < x < 5
రెండోది: x ≤ 1 లేదా x ≥ 4

సంఖ్యారేఖ గీసి, దాని మీద 0, 1, 4, 5 గుర్తు పెట్టండి. మొదటి షరతుకి రేఖకి పైన ఒక గీత గీయండి, సున్నా నుంచి ఐదు దాకా. రెండో షరతుకి రేఖకి కింద రెండు గీతలు. ఒకటి ఎడమ నుంచి వచ్చి ఒకటి దగ్గర ఆగుతుంది, ఇంకోటి నాలుగు దగ్గర మొదలై కుడికి వెళ్ళిపోతుంది. పైనా కిందా రెండు గీతలూ ఉన్న చోటు ఎక్కడ? సున్నాకీ ఒకటికీ మధ్య, నాలుగుకీ ఐదుకీ మధ్య. అంతే.

డొమైన్: (0, 1] ∪ [4, 5)

బ్రాకెట్లు చూడండి. నాలుగు అంచులు ఉంటే రెండు తెరిచి ఉన్నాయి, రెండు మూసి ఉన్నాయి. సున్నా, ఐదు దగ్గర t = 0 అవుతుంది, లాగ్ గేటు సున్నాని రానివ్వదు, అందుకే అవి బయట. ఒకటి, నాలుగు దగ్గర t = 1, లాగ్ 0, రూట్ 0. రూట్ గేటుకి సున్నా ఓకే, అందుకే అవి లోపల. ఇందాక సున్నా గురించి చెప్పిన తేడా ఇక్కడ పనికొచ్చింది.

జవాబు సరైందో కాదో ఎలా తెలుస్తుంది

ఆ అబ్బాయి చేసిన పనే. ఒక విలువ పెట్టి చూడడం. కాకపోతే ఏ విలువలు పెట్టాలో ఒక పద్ధతి ఉంది. 0, 1, 4, 5 అనే నాలుగు అంచులు సంఖ్యారేఖని ఐదు ముక్కలు చేస్తాయి. ఒక్కో ముక్క నుంచి ఒక్క విలువ తీసుకుంటే చాలు. ఎందుకు చాలు? 5x − x² గానీ, x² − 5x + 4 గానీ గుర్తు మార్చుకోవాలంటే మధ్యలో సున్నా దాటాలి. ఆ సున్నాలే ఈ నాలుగు అంచులు. కాబట్టి ఒక ముక్కలో ఒక విలువకి ఏమైతే అయ్యిందో ఆ ముక్క మొత్తానికీ అదే అవుతుంది.

x = −1: t = (−5 − 1)/4 = −1.5. లాగ్ గేటు దగ్గరే ఆగిపోయింది.

x = 0.5: t = (2.5 − 0.25)/4 = 0.5625. సున్నాకీ ఒకటికీ మధ్య ఉంది. లాగ్ విలువ సుమారు 0.83, దాని రూట్ సుమారు 0.911. రెండు గేట్లూ దాటింది.

x = 2: t = (10 − 4)/4 = 1.5. ధనాత్మకమే కాబట్టి లాగ్ గేటు దాటింది. కానీ ఒకటి కన్నా ఎక్కువ కాబట్టి లాగ్ మైనస్ వచ్చింది. రూట్ గేటు దగ్గర ఆగిపోయింది.

x = 4.5: t మళ్ళీ 0.5625. దాటింది.

x = 6: t = (30 − 36)/4 = −1.5. లాగ్ గేటు దగ్గర ఆగిపోయింది.

ఒకటి గమనించారా? బయట ఉన్న రెండు ముక్కలూ లాగ్ గేటు దగ్గర ఆగాయి, మధ్య ముక్క రూట్ గేటు దగ్గర ఆగింది. కాబట్టి మీ జవాబు ఎలా తప్పిందో చూస్తే, ఏ గేటు దగ్గర పొరపాటు జరిగిందో చెప్పేయొచ్చు. (−∞, 1] ∪ [4, ∞) వస్తే, నాలాగా లాగ్ గేటు మర్చిపోయారు. [1, 4] వస్తే, గుర్తు తిప్పడం మర్చిపోయారు. (0, 5) వస్తే, రూట్ గేటు మర్చిపోయారు. నాలుగు ఆప్షన్ల ప్రశ్నలో మిగతా మూడు ఆప్షన్లుగా ఇవే పెట్టడానికి వీలుంది. అందుకే, మనకి వచ్చిన జవాబు ఆప్షన్లలో కనిపించిందని నమ్మేయకండి.

కంప్యూటర్ దగ్గర ఉన్నవాళ్ళ కోసం చిన్న పైథాన్ కోడ్:

```python
import math

def f(x):
    t = (5*x - x*x) / 4
    return math.sqrt(math.log(t) / math.log(0.5))

for x in [-1, 0, 0.5, 1, 2, 4, 4.5, 5, 6]:
    try:
        print(x, round(f(x), 3))
    except ValueError:
        print(x, "లేదు")
```

దీన్ని రన్ చేస్తే −1, 0, 2, 5, 6 దగ్గర "లేదు" అని వస్తుంది. 0.5, 4.5 దగ్గర 0.911 వస్తుంది. 1, 4 దగ్గర -0.0 అని వస్తుంది, చూసి కంగారు పడకండి. సున్నాని ఒక మైనస్ సంఖ్యతో భాగించినప్పుడు కంప్యూటర్ ఆ మైనస్ గుర్తుని పట్టుకుని ఉంటుంది, విలువ మాత్రం సున్నాయే.

ఈ కోడ్‌లో నేను రెండు గేట్లకీ ఎక్కడా షరతు రాయలేదు. `math.log`, `math.sqrt` తమ గేటు దగ్గర తామే ఆపి `ValueError` ఇస్తాయి. అయితే ఏ గేటు ఆపిందో ఈ కోడ్ చెప్పదు, రెండిటికీ ఒకే "లేదు". అది చేత్తో చూసుకోవాల్సిందే.

కలపడంలో వచ్చే ఇంకో తికమక

మన జవాబులో ∪ గుర్తు వచ్చింది. మరి రెండు షరతులకీ ఉమ్మడి భాగం తీసుకోవాలంటే ∩ కదా, ∪ ఎక్కడి నుంచి వచ్చింది అని కొందరికి అనుమానం వస్తుంది. కొందరు దాన్ని చూసి రెండు షరతుల మధ్యే ∪ పెట్టేస్తారు, అప్పుడు మొత్తం పోతుంది.

దీన్ని మాటల్లో చూడండి. గేటుకీ గేటుకీ మధ్య ఎప్పుడూ "మరియు" ఉంటుంది. లాగ్ గేటు దాటాలి, మరియు రూట్ గేటు దాటాలి. అది ∩. "లేదా" అనేది ఒకే గేటు లోపల వస్తుంది. (x − 1)(x − 4) ≥ 0 అనే ఒక్క షరతుకే రెండు దారులు ఉన్నాయి, x ≤ 1 లేదా x ≥ 4. అది ∪. మన జవాబులో కనిపించే ∪ ఈ "లేదా" నుంచి మిగిలిపోయిందే. గేట్ల మధ్య "లేదా" పెడితే, ఒక్క గేటు దాటినా చాలు అన్నట్టు అవుతుంది. మన లెక్కలో అలా చేస్తే ప్రతి x కీ ఏదో ఒక షరతు నిజమవుతుంది, డొమైన్ మొత్తం వాస్తవ సంఖ్యలు అని వచ్చేస్తుంది. అలా వచ్చిందంటే ఎక్కడో "మరియు" బదులు "లేదా" పడిందని అర్థం.

గేట్లు ఎప్పుడూ ఒకదాని లోపల ఒకటే ఉండాలని లేదు, పక్కపక్కనే కూడా ఉండొచ్చు. ఉదాహరణకి ఇది:

h(x) = √(16 − x²) / log₁₀(x − 1)

ఇక్కడ పైన రూట్, కింద లాగ్. ఒకదానితో ఒకటి సంబంధం లేదు. గేట్లు మాత్రం మూడు. రూట్‌కి 16 − x² ≥ 0, అంటే −4 ≤ x ≤ 4. లాగ్‌కి x − 1 > 0, అంటే x > 1. మూడోది హారం గేటు: కింద సున్నా రాకూడదు. లాగ్ ఎప్పుడు సున్నా? లోపల 1 ఉన్నప్పుడు, అంటే x − 1 = 1, x = 2. దాన్ని తీసేయాలి. మూడూ కలిపితే (1, 2) ∪ (2, 4].

ఈ మూడో గేటు కూడా తేలిగ్గా మర్చిపోయేదే. హారంలో లాగ్ ఉందంటే లాగ్ ఉండగానే సరిపోదు, ఉన్న ఆ లాగ్ సున్నా కాకూడదు కూడా. హారంలో రూట్ ఉంటే ఇంకాస్త తేలిక, రూట్ గేటులో ఉన్న సమానం గుర్తు తీసేస్తే రెండు పనులూ అయిపోతాయి. మన మొదటి లెక్క 1/f(x) అని ఇచ్చి ఉంటే జవాబు (0, 1) ∪ (4, 5) అయ్యేది. ముక్కలు అవే, మూసిన బ్రాకెట్లు తెరుచుకున్నాయి.

చివరగా ఒక లెక్క

ఇది మీరు చేయండి, తర్వాత కింద చదవండి.

√( log₁/₂( x² − 5x + 7 ) )

బేస్ 1/2 కాబట్టి షరతు 0 < x² − 5x + 7 ≤ 1. కుడి పక్క: x² − 5x + 6 ≤ 0, అంటే (x − 2)(x − 3) ≤ 0, అంటే 2 ≤ x ≤ 3. ఎడమ పక్క: x² − 5x + 7 ని (x − 2.5)² + 0.75 అని రాయొచ్చు. వర్గం ఎప్పుడూ సున్నా కన్నా తగ్గదు కాబట్టి మొత్తం 0.75 కన్నా తగ్గదు. అంటే ప్రతి x కీ ధనాత్మకమే. డొమైన్ [2, 3].

చూశారా, బేస్ చిన్నదే అయినా ఈసారి లాగ్ గేటు జవాబుని మార్చలేదు. కానీ ఆ సంగతి గేటు దగ్గరకి వెళ్ళి చూశాకే తెలిసింది. పోయిన వారం నేను అక్కడికి వెళ్ళకుండానే "ఏముందిలే" అనుకున్నాను.

పాత వీడియో కింద సరైన జవాబు రాసి పెట్టాను: (0, 1] ∪ [4, 5). నోట్స్‌లో పాతది రాసుకున్నవాళ్ళు దయచేసి కొట్టేసి ఇది రాసుకోండి. x = −1 పెట్టి చూసిన తమ్ముడికి థాంక్స్. నీ లెక్క కరెక్టే, అన్నయ్య లెక్కే తప్పు. వచ్చే ఎపిసోడ్‌లో బేస్ లోనే x ఉంటే ఏం చేయాలో చూద్దాం. అక్కడ బేస్ ఒకటి కన్నా పెద్దదా చిన్నదా అన్నది కూడా x మీదే ఆధారపడుతుంది, కాబట్టి ఇవాళ చేసిన రెండు లెక్కలూ ఒకే లెక్కలో చేయాల్సి వస్తుంది. అప్పటిదాకా సెలవు.